మోషన్ గట్టిగా వచ్చి రక్తం పడితే అది మొలలేనా?

మోషన్‌కి వెళ్ళినప్పుడు ఎర్రటి రక్తం కనిపిస్తే తెలుగు ఇళ్ళలో వెంటనే వచ్చే మాట మొలలు. కొందరు మూలశంక అంటారు, కొందరు పైల్స్ అంటారు. పేరు పెట్టేశాక ఇక ఎవరూ ఆలోచించరు, మెడికల్ షాపుకి వెళ్ళి పైల్స్ క్రీము అడిగి తెచ్చుకోవడమే. అయితే మలం గట్టిగా వచ్చి, వస్తున్నప్పుడు కోసినట్టు నొప్పి పుట్టి, ఆ తర్వాత కొద్దిగా ఎర్రటి రక్తం కనబడేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది మొలలు కాదు, మలద్వారం అంచున చర్మం మీద పడిన ఒక చిన్న చీలిక. డాక్టర్లు దాన్ని ఫిషర్ అంటారు. రెండూ ఉండేది దాదాపు ఒకే చోట, రెండింటికీ మలబద్ధకమే ముఖ్యమైన కారణం, రెండింట్లోనూ రక్తం ఎర్రగానే ఉంటుంది, అందుకే జనం కలిపేస్తారు. కానీ లోపల జరిగేది వేరు, ఉపశమనం ఇచ్చే పద్ధతి కూడా కొంత వేరు.

తేడా అంతా నొప్పి దగ్గర ఉంది. మలద్వారం అంటే పైకి కనిపించే రంధ్రం ఒక్కటే కాదు, లోపలికి మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న చిన్న గొట్టం. ఆ గొట్టం మధ్యలో ఒక సరిహద్దు గీత ఉంటుంది. గీతకి పైభాగంలో ఉండేది పేగు లోపలి పొర, అక్కడ కోసినా గీసినా చర్మం మీద తెలిసే లాంటి నొప్పి తెలియదు. గీతకి కింది భాగంలో ఉండేది పల్చటి చర్మం, దానికి నొప్పి తెలిపే నరాలు విపరీతంగా ఉంటాయి. లోపలి మొలలు గీతకి పైన పుడతాయి, కాబట్టి రక్తం వస్తుంది గానీ నొప్పి ఉండదు. ఫిషర్ గీతకి కింద పడుతుంది, కాబట్టి అర సెంటీమీటరు చీలికకే మనిషి కమోడ్ మీద చెమటలు పట్టి కూర్చుంటాడు.

నిజానికి మొలలు తయారయ్యే కణజాలం అందరిలోనూ ఉంటుంది. గొట్టం లోపల మూడు చోట్ల రక్తనాళాలతో నిండిన మెత్తని మడతలు ఉంటాయి, గాలీ నీరూ మనకి తెలియకుండా బయటికి జారిపోకుండా ఆపడంలో వాటి పాత్ర కూడా ఉంది. ఏళ్ళ తరబడి ముక్కడం, టాయిలెట్లో గంటల తరబడి కూర్చోవడం, గర్భంలో కడుపు బరువు, వీటివల్ల ఆ మడతలని పట్టుకున్న ఆధారం సడలి అవి ఉబ్బి కిందికి జారతాయి. అప్పుడు గట్టి మలం రాసుకుంటూ పోతే పైపొర గీరుకుపోయి రక్తం కారుతుంది. మోషన్ అయ్యాక టపటపా బొట్లు పడటం, ఒక్కోసారి చిమ్మినట్టు బేసిన్ గోడకి తగలడం, ఇంత రక్తం పోయినా నొప్పి అనేది లేకపోవడం లోపలి మొలల లక్షణం. ఇంకాస్త ముదిరితే ముక్కినప్పుడు మెత్తటి ముద్దలాంటిది బయటికి వచ్చి, మొదట్లో దానంతటదే లోపలికి పోతుంది, తర్వాత వేలితో నెట్టాల్సి వస్తుంది.

ఫిషర్ సంగతి వేరు. గట్టిగా, లావుగా ఉన్న మలం ఒక్కసారి బలవంతంగా బయటికి వచ్చినప్పుడు మలద్వారం అంచు చర్మం నిలువుగా చీలుతుంది. ఎక్కువమందిలో ఇది వెనకవైపు, సరిగ్గా మధ్యగీత మీద పడుతుంది, ఎందుకంటే అక్కడ రక్తప్రసరణ సహజంగానే తక్కువ. ఆడవాళ్ళలో, ముఖ్యంగా ప్రసవం తర్వాత, కొందరికి ముందువైపు మధ్యలో కూడా వస్తుంది. రక్తం పెద్దగా ఉండదు, మలం మీద ఒక పక్క ఎర్రటి గీతలాగా, లేదా తుడుచుకున్న పేపరు మీద మరకలాగా కనిపిస్తుంది. నొప్పి మాత్రం మర్చిపోలేనిది. బ్లేడుతో కోసినట్టు ఉంది అనే మాట డాక్టర్లు రోజూ వింటారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. చీలిక వల్ల వచ్చే నొప్పి మలం దిగుతున్న ఆ నిమిషం వరకే. ఆ తర్వాత అరగంట, గంట, ఒక్కోసారి మూడు నాలుగు గంటలు మంటతో కలిసి పీకుతున్నట్టు ఉండే నొప్పి కండరం పట్టేయడం వల్ల వస్తుంది. మలద్వారం చుట్టూ రెండు కండరాలుంటాయి. బయటిది మన ఇష్టప్రకారం బిగిస్తాం, వదులుతాం. లోపలిది మన మాట వినదు, దానంతటదే బిగుసుకుని ఉంటుంది. చీలిక పడ్డప్పుడు ఈ లోపలి కండరం ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండరం లోంచి వెళ్ళే సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి చీలికకి రక్తం అందదు, రక్తం అందకపోతే చర్మం అతుక్కోదు. ఈలోగా నొప్పికి భయపడి మనిషి మోషన్‌ని రేపటికి వాయిదా వేస్తాడు. పెద్దపేగు చివర ఆగిన మలంలోంచి నీరు పీల్చుకోవడం పేగు ఆపదు కదా, మూడో రోజుకి అది మరింత గట్టిపడి, సగం మానిన చీలికని మళ్ళీ చీలుస్తుంది. ఈ చక్రాన్ని ఆపాలంటే రెండు పనులు ఒకేసారి జరగాలి, మలం మెత్తబడాలి, కండరం వదులవ్వాలి. పైల్స్ క్రీము ఈ రెండింట్లో ఏ ఒక్కటీ చేయదు, అందుకే ఫిషర్ ఉన్నవాళ్ళు ట్యూబు తర్వాత ట్యూబు వాడినా తగ్గలేదని అంటుంటారు.

నొప్పి ఉంటే ఫిషర్, లేకపోతే మొలలు అనే ఈ కొలమానం చాలావరకు నిలబడుతుంది, అయితే మూడు చోట్ల తప్పుతుంది. మొదటిది, బయటి మొలలో రక్తం గడ్డకట్టినప్పుడు ఉన్నట్టుండి నీలిరంగులో గట్టి గోళీ లాంటిది అంచున లేచి కూర్చోడానికి కూడా వీల్లేనంత నొప్పి పుడుతుంది. కాకపోతే ఆ నొప్పి మోషన్‌తో సంబంధం లేకుండా రోజంతా ఉంటుంది, మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా ఉండి తర్వాత నెమ్మదిస్తుంది. రెండోది, కొందరిలో మొలలూ ఫిషరూ రెండూ ఉంటాయి. మూడోది, పాతబడ్డ ఫిషర్ బయటి కొస దగ్గర చర్మం పెరిగి చిన్న తోకలా వేలాడుతుంది. చేతికి అది తగలగానే ఇక మొలలే అని ఖాయం చేసుకుంటారు. ఆ తోక కేవలం పెరిగిన చర్మం, అసలు సమస్య దాని వెనక దాక్కున్న చీలిక.

రక్తం ఎలా కనిపించింది అనేది డాక్టరుకి బాగా పనికొచ్చే సమాచారం, కానీ మనలో ఎక్కువమంది నీళ్ళతో కడుక్కుంటారు కాబట్టి కొద్దిపాటి రక్తం చాలాసార్లు గమనించకుండానే పోతుంది. అమెరికా, యూరప్ వెళ్ళి పేపరు వాడటం మొదలుపెట్టినవాళ్ళు ఇక్కడ ఎన్నడూ చూడని మరకని అక్కడ మొదటిసారి చూసి హడలిపోవడానికి ఇదొక కారణం. ఇంకో కారణం పేపరే, చీలిక మీద పొడి పేపరుతో రుద్దితే అది మళ్ళీ రేగుతుంది. అనుమానం ఉన్నప్పుడు కడుక్కోకముందు మెత్తటి టిష్యూతో ఒకసారి అద్ది చూడటం, తర్వాత నీళ్ళతోనే కడుక్కుని మెత్తటి గుడ్డతో అద్దుకోవడం మంచిది. బీట్‌రూట్ తిన్న మర్నాడు కనిపించే ఎరుపు రక్తం కాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇదంతా ఒక మనిషి విషయంలో ఎలా నడుస్తుందో చూద్దాం. తెలుగు ఇళ్ళలో ఫిషర్ రావడానికి అన్ని కారణాలూ ఒకేచోట కలిసే సందర్భం ఒకటుంది, అది బాలింత పథ్యం. పాతికేళ్ళు దాటిన ఒక అమ్మాయి, కాన్పై ఐదు వారాలైంది, పుట్టింట్లో ఉంది అనుకుందాం. తినేది మిల్లులో తెల్లగా పట్టించిన బియ్యపన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, ఏదో ఒక వేపుడు. కూర నీళ్ళకూర అయితే బిడ్డకి జలుబు చేస్తుందని, ఆకుకూరలు అరగవని, పళ్ళు చలవని పక్కన పెట్టేశారు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని లెక్కపెట్టి ఇస్తున్నారు. అటు చూస్తే పాలిచ్చే తల్లి ఒంట్లోంచి రోజూ అర లీటరుకి పైగా నీరు పాల రూపంలోనే పోతుంది. దానికి తోడు రక్తం పట్టడానికి ఐరన్ మాత్ర, ఎముకలకి కాల్షియం మాత్ర. కాన్పు తర్వాత ఆరు నెలలు ఇవి వేసుకోవాలని ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఇస్తారు, అవసరమైనవే, కానీ రెండూ మలాన్ని గట్టిపరుస్తాయి. ఇక మోషన్ వచ్చినప్పుడే బిడ్డ ఏడుస్తాడు, ఆమె ఆపుకుంటుంది.

నాలుగు రోజులు ఆగి వెళ్ళినప్పుడు చీలింది. మలం మీద ఎర్రటి గీత, గంటసేపు మంట. మర్నాడు భయపడి వెళ్ళలేదు. ఆ మర్నాడు వెళితే ఇంకా ఘోరం. ఇంట్లో పెద్దవాళ్ళు ఇది కాన్పుకి వచ్చే మొలలేనమ్మా అన్నారు. కొంత న్యాయం ఉంది ఆ మాటలో, గర్భంలో, కాన్పులో మొలలు నిజంగానే ఎక్కువ. కానీ ఆమె చెప్పే గుర్తులు చూడండి. బొట్లుగా రక్తం లేదు, గీతలా ఉంది. బయటికి ఏమీ జారలేదు. మలం వస్తున్నప్పుడు కోత, వచ్చాక గంట మంట. పెద్ద ఆస్పత్రి అవసరం లేకుండానే ఇది ఫిషర్ అని తొంభై పాళ్ళు చెప్పేయొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళినా చేసే పరీక్ష పక్కకి తిరిగి పడుకోమని పిరుదులని మెల్లగా విడదీసి చూడటమే, చీలిక కంటికే కనిపిస్తుంది. నొప్పి ఇంత తాజాగా ఉన్నప్పుడు వేలు పెట్టి గానీ గొట్టం పెట్టి గానీ చూడాలని పట్టుబట్టరు. ఆ భయంతోనే నెలల తరబడి వెళ్ళనివాళ్ళు చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, కాబట్టి ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం. మహిళా డాక్టరు కావాలని అడగొచ్చు, గదిలో తోడుగా నర్సు ఉండాలని కూడా అడగొచ్చు.

ఆమెకి చేయాల్సిన పనుల్లో మొదటిది తిండి మార్చడం. పెద్దవాళ్ళకి రోజుకి 25 నుంచి 30 గ్రాముల పీచు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు చూస్తే వంద గ్రాముల తెల్ల బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే, అదే జొన్నల్లో 10, రాగుల్లో 11, కందిపప్పులో 9 గ్రాముల వరకు ఉంటుంది. జామకాయలో 8 గ్రాములకి పైనే. అంటే మూడు పూటలా తెల్లన్నం, కారంతో సరిపెడితే రోజుకి పది గ్రాములు దాటడం కష్టం. ఒక పూట జొన్నరొట్టె గానీ రాగి సంకటి గానీ, రెండు పూటలా చారెడు కాకుండా గిన్నెడు కూర (సొరకాయ, బీరకాయ, తోటకూర ఏదైనా), చిక్కటి పప్పు, ఒక జామకాయో బొప్పాయి ముక్కలో చేరితే లెక్క మారిపోతుంది. బాలింత ఆకుకూర తింటే బిడ్డకి జబ్బు చేస్తుందనే మాటలో నిజం లేదు. నీళ్ళు దాహం తీరేదాకా తాగాలి, పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు అని పెట్టుకుంటే మర్చిపోరు. పీచు పెంచి నీళ్ళు పెంచకపోతే కడుపు ఉబ్బి మలం ఇంకా బిగుసుకుంటుంది, ఇది చాలామంది చేసే పొరపాటు.

తిండి మారినా మలం మెత్తబడటానికి కొన్ని రోజులు పడుతుంది, చీలిక అన్నాళ్ళు ఆగదు. అందుకే ఇసబ్‌గోల్ పొట్టు వెంటనే మొదలుపెట్టాలి. మొదటి రెండు రోజులు ఒక చెంచా, తర్వాత రెండు చెంచాల వరకు, రాత్రి భోజనం తర్వాత నిండు గ్లాసు నీళ్ళలో కలిపి అది జిగురుగా మారకముందే తాగేసి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగాలి. పొడిగా నోట్లో వేసుకోకూడదు, గొంతులో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. ఐరన్ మాత్రకీ ఇసబ్‌గోల్‌కీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే మాత్ర సరిగ్గా పట్టదు. మలం మరీ రాయిలా ఉంటే డాక్టర్లు లాక్టులోజ్ సిరప్ రాస్తారు, రాత్రిపూట 15 నుంచి 30 మిల్లీలీటర్లు. అది పేగులోనే ఉండి నీటిని లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, ఒంట్లోకి దాదాపు ఎక్కదు కాబట్టి పాలిచ్చే తల్లులకి ఇబ్బంది లేదు. రాత్రి తాగి పొద్దున్నే ఫలితం కోసం చూడకూడదు, రెండు రోజులు పడుతుంది, మొదట్లో గ్యాస్ పడుతుంది. ఆముదం తాగి ఒకేసారి శుభ్రం చేసుకుందాం అనే ఆలోచన ఇక్కడ పనికిరాదు. నీళ్ళ విరేచనాలు అయినా చీలిక మండుతుంది, ఆ మర్నాటి నుంచి మళ్ళీ మోషన్ రాదు. కావలసింది రోజుకొకసారి, అరటిపండంత మెత్తగా, ఆకారం చెదరకుండా దిగే మలం.

ఐరన్ మాత్రని ఆమె సొంతంగా మానేయకూడదు, కాన్పులో పోయిన రక్తం మళ్ళీ పట్టాలి. మోషన్ గట్టిపడుతోందని డాక్టరుకి చెబితే రోజు విడిచి రోజు వేసుకోమనో, వేరే రకం మాత్రకి మారమనో చెబుతారు. ఐరన్ వేసుకుంటే మలం నల్లగా వస్తుంది, దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు.

రెండో పని కండరాన్ని వదులు చేయడం, దీనికి ఇంట్లో ఉన్న మందు గోరువెచ్చని నీళ్ళు. కూర్చోవడానికి వీలుగా ఉండే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, బట్టలు నానబెట్టేది అయినా సరే, శుభ్రంగా కడిగి నాలుగైదు అంగుళాల ఎత్తున నీళ్ళు పోసి, మోచేతితో ముట్టుకుంటే హాయిగా అనిపించే వేడి ఉండేలా చూసుకుని, పది పదిహేను నిమిషాలు అందులో కూర్చోవాలి. రోజుకి రెండు మూడు సార్లు, అందులో ఒకటి మోషన్ అయిన వెంటనే తప్పనిసరి, ఎందుకంటే కండరం పట్టేసేది అప్పుడే. నీళ్ళలో కూర్చున్న రెండు మూడు నిమిషాలకే ఆ పీకుడు వదులుతున్నట్టు తెలుస్తుంది. అందులో డెట్టాల్ పోయడం, పసుపు కలపడం, పొటాషియం పర్మాంగనేట్ వేయడం అక్కర్లేదు, చీలిన చర్మం వాటికి ఇంకా మండుతుంది, పొడిబారుతుంది. ఉత్త నీళ్ళు చాలు. సిజేరియన్ అయినా, కాన్పులో కుట్లు పడినా ఐదు వారాలకి ఇలా కూర్చోవడం సాధారణంగా సమస్య కాదు గానీ కుట్లు ఇంకా మానకపోతే ఒకసారి అడిగి చేయాలి. టబ్బులో కూర్చోలేనివాళ్ళకి చేతి షవరుతో గోరువెచ్చని నీళ్ళు అక్కడ పడేలా ఐదు నిమిషాలు పట్టుకున్నా కొంత పనిచేస్తుంది.

మోషన్‌కి వెళ్ళే ముందు అంచున కొద్దిగా వాజెలిన్ రాసుకుంటే రాపిడి తగ్గుతుంది. నొప్పి మరీ ఎక్కువగా ఉంటే లిగ్నోకైన్ జెల్లీ వెళ్ళే పది నిమిషాల ముందు బఠాణీ గింజంత రాస్తే ఆ చోటు మొద్దుబారుతుంది, భయం తగ్గుతుంది, భయం తగ్గితే ఆపుకోవడం మానేస్తారు, అసలు లాభం అదే. కౌంటరు మీద దొరికే పైల్స్ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారం దాటి వాడితే అక్కడి చర్మం పల్చబడుతుంది, పల్చబడిన చర్మం ఇంకా తేలిగ్గా చీలుతుంది. నొప్పికి ట్రమడాల్ ఉన్న మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు ఎవరైనా ఇస్తే మలబద్ధకం రెట్టింపవుతుంది, పారాసిటమాల్ మేలు.

కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. మన పాత పద్ధతి గొంతుక్కూర్చోవడంలో పెద్దపేగు చివరి మలుపు తిన్నబడి ముక్కకుండానే దిగుతుంది. కమోడ్ మీద అయితే పాదాల కింద జానెడు ఎత్తు పీట వేసుకుని మోకాళ్ళు తుంటి కన్నా పైకి వచ్చేలా ముందుకి వంగాలి. ఐదు నిమిషాల్లో రాకపోతే లేచి వచ్చేయాలి, మళ్ళీ వచ్చినప్పుడు వెళ్ళాలి. ఫోను లోపలికి తీసుకెళ్ళకూడదు, అరగంట కూర్చుంటే ఆ మడతల్లో రక్తం నిండి ఫిషర్‌కి తోడు మొలలు కూడా మొదలవుతాయి. తిన్న పావుగంటకి పేగులో సహజంగా కదలిక వస్తుంది, టిఫిన్ తర్వాత బిడ్డని కాసేపు ఎవరికైనా అప్పగించి ఆమెని వెళ్ళనివ్వడం ఇంట్లోవాళ్ళు చేయగలిగిన అసలైన సాయం.

ఇలా చేస్తే ఏ క్రమంలో తగ్గుతుందో తెలిసి ఉంటే మధ్యలో కంగారు ఉండదు. మూడు నాలుగు రోజులకి మలం మెత్తబడుతుంది. ముందుగా తగ్గేది మోషన్ తర్వాతి నొప్పి, గంట ఉండేది అరగంటకి, పది నిమిషాలకి వస్తుంది. వచ్చేటప్పుడు ఉండే కోత ఇంకొన్ని రోజులు ఉంటుంది. రక్తం వారం రెండు వారాల్లో ఆగుతుంది. కొత్తగా పడ్డ ఫిషర్లలో దాదాపు సగం పీచు, నీళ్ళు, వేడినీళ్ళ టబ్బుతోనే మానిపోతాయి. రక్తం ఆగిన రోజే ఇసబ్‌గోల్ మానేసేవాళ్ళకి మళ్ళీ చీలుతుంది, ఎందుకంటే పైన అతుక్కున్న చర్మానికి బలం రావడానికి ఇంకా వారాలు పడుతుంది.

రెండు వారాలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటిన చీలికని పాత ఫిషర్ అంటారు, అంచులు గట్టిపడి, అడుగున కండరం తెల్లని పోగుల్లా కనిపిస్తుంటుంది. దానికి డిల్టియాజెమ్ 2 శాతం జెల్ రోజుకి రెండుసార్లు అంచున రాయమంటారు, అది లోపలి కండరాన్ని సడలించి రక్తప్రసరణ పెంచుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు వదలకుండా రాయాలి, నాలుగు రోజులు రాసి ఊరుకుంటే లాభం లేదు. నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ కూడా ఇదే పని చేస్తుంది గానీ తలనొప్పి బాగా వస్తుంది, మగవాళ్ళు అంగస్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు వాడుతుంటే ఇది అసలు వాడకూడదు. పాలిచ్చేవాళ్ళు ఇలాంటి జెల్ డాక్టరు చెబితేనే వాడాలి. దీనికీ మానకపోతే లోపలి కండరంలో కొంచెం భాగం కోసి వదులు చేసే చిన్న ఆపరేషన్ ఉంది. చాలా బాగా పనిచేస్తుంది, కాకపోతే కొందరికి తర్వాత గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది. కాన్పులో ఆ కండరాలు ఇప్పటికే సాగిన ఆడవాళ్ళ విషయంలో సర్జన్లు మరింత ఆచితూచి నిర్ణయిస్తారు.

ఒకవేళ పరీక్షలో అది లోపలి మొలలేనని తేలితే దారి కొంత మారుతుంది. పీచు, నీళ్ళు, ముక్కకపోవడం అక్కడా మొదటి వైద్యమే, చాలామందికి రక్తం దాంతోనే ఆగుతుంది. ఆగకపోతే మొల మొదట్లో చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు, గీతకి పైన వేస్తారు కాబట్టి పెద్ద నొప్పి ఉండదు, వారం పదిరోజుల్లో అది ఎండి రాలిపోతుంది. మొలల్లో రోజూ బొట్లుగా పోయే రక్తం నెలలకి నెలలు సాగితే రక్తహీనత వస్తుంది, ఆయాసం, పాలిపోవడం కనిపిస్తే హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఫిషర్‌తో అంత రక్తం పోదు.

ఊళ్ళలో బస్టాండు పక్కన గోడల మీద మొలలు, ఫిషర్, ఫిస్టులా అన్నింటికీ ఆపరేషన్ లేకుండా ఒకే ఇంజెక్షన్ అని రాసి ఉంటుంది. డిగ్రీ లేని ఈ మనుషులు ఏముందో సరిగ్గా చూడకుండానే మండే ద్రవాలు ఎక్కిస్తారు, లేదా కాల్చే పేస్టు పూస్తారు. చర్మం కుళ్ళి, మానాక మలద్వారం సన్నబడి వేలు కూడా పట్టని స్థితిలో, లేదా మలం ఆపుకోలేని స్థితిలో సర్జన్ల దగ్గరికి వచ్చేవాళ్ళున్నారు. ఫిషర్‌కి ఇంజెక్షన్ అనేది ఒకటి నిజంగా ఉంది, కండరాన్ని సడలించే బోటాక్స్, దాన్ని సర్జన్ ఆస్పత్రిలోనే ఇస్తాడు.

ఎర్రటి రక్తమే కదా, ఫిషరే కదా అని ఇంట్లో ఉండిపోకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. రక్తం ముదురు రంగులో ఉండి మలంలో కలిసిపోయి వస్తుంటే, జిగురుతో కలిసి వస్తుంటే, ఐరన్ వేసుకోకుండానే మలం తారులా నల్లగా వస్తుంటే కారణం పైనెక్కడో ఉంది. వయసు 45 దాటాక మొదటిసారి రక్తం కనిపించినా, మోషన్ అలవాటు కొన్ని వారాలుగా మారిపోయినా, బరువు తగ్గుతున్నా, ఇంట్లో దగ్గరి బంధువుకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలి, మొలలు కంటికి కనిపిస్తున్నా సరే, ఎందుకంటే మొలలు ఉన్నవాళ్ళకి క్యాన్సర్ రాకూడదని ఏమీ లేదు. జ్వరంతో పాటు పక్కన వాపు, రోజంతా సలుపు ఉంటే అది చీము గడ్డ, ఆ రోజే చూపించాలి. చీలిక మధ్యగీత మీద కాకుండా పక్కకి ఉన్నా, ఒకటి కన్నా ఎక్కువ ఉన్నా డాక్టర్లు మామూలు ఫిషర్ అనుకోరు, క్షయ, పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు, హెచ్ఐవీ లాంటివి వెతుకుతారు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకి కొద్దిపాటి చీలికకే ఎక్కువ రక్తం పోతుంది, వాళ్ళు ఆలస్యం చేయకుండా డాక్టరుకి ఫోను చేసి అడగాలి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు.

మన బాలింత విషయానికొస్తే, ఆరు వారాలు ఇసబ్‌గోల్, టబ్బు, కూరలు వదలకుండా చేశాక నొప్పీ రక్తమూ రెండూ లేవనుకుందాం. కడుక్కునేటప్పుడు అంచున చిన్న చర్మపు తోక ఒకటి చేతికి తగులుతూ ఉండొచ్చు. ఇంట్లోవాళ్ళు మొల ఇంకా మిగిలిపోయిందని, కోయించేయమని అంటారు. అది మానిన చీలిక గుర్తు, నొప్పి లేకపోతే, శుభ్రం చేసుకోవడానికి అడ్డు రాకపోతే దాన్ని అలాగే వదిలేయొచ్చు. ఇసబ్‌గోల్‌ని మాత్రం ఐరన్ మాత్రల కోర్సు అయిపోయేదాకా కొనసాగించాలి.